ఏ కాగితం తుది కాగితం?
ఈ-మెయిలులో జతపరచు పత్రాలకు వరుస సంఖ్య, సవరణ వివరం వ్రాయు పద్ధతి

దివిసీమలో ఒక పాల ఉత్పత్తిదారుల సంఘానికి మేము నిరుడు తనిఖీకి వెళ్ళాము. ఊరు పేరు ఇక్కడ అవసరం లేదు. లెక్కలు శుభ్రంగా వ్రాసే సంఘం, కార్యదర్శి నెమ్మదస్తుడు, సేకరణ రిజిస్టరులో ఒక్క కొట్టివేత కూడా లేదు. అయినా పది రోజుల పాల బిల్లులో సంఘానికి వచ్చిన సొమ్ము కంటే సభ్యులకు చెల్లించిన సొమ్ము 2,100 రూపాయలు ఎక్కువగా తేలింది. పాలు కొలిచిన చోట తప్పు లేదు, వెన్న పరీక్షలోనూ తప్పు లేదు. చివరకు కంప్యూటరు తెరిచి చూస్తే తప్పు ధరల పట్టికలో దొరికింది. పట్టిక తప్పుడుది కాదు, రద్దయినది. అది రద్దయిందని ఆ కార్యదర్శికి చెప్పిన వారు లేరు.

జరిగినది వివరంగా చెబుతాము. అంకెలు తేలికగా అర్థమగుటకు గుండ్రం చేశాము. గేదె పాలకు కొత్త కొనుగోలు ధర నెల 11వ తేదీ ఉదయం పూట నుండి అమలు కావలసియున్నది. 8వ తేదీ సాయంత్రం పై కార్యాలయం నుండి ఒక ఈ-మెయిలు వచ్చింది. దానికి జతపరచిన పట్టిక పేరు `Rate Chart Final.pdf`. అందులో కిలో వెన్నకు 800 రూపాయలు. నిజానికి అది అభిప్రాయం కొరకు పంపిన ప్రతిపాదన మాత్రమే. పాలకవర్గం చర్చించి ఐదు రూపాయలు పెంచమన్నది. టైపు చేసినవారు పొరపాటున పది పెంచి 810 అని వేసి, 9వ తేదీన `Rate Chart Final New.pdf` అని పంపారు. మరునాడు తప్పు గమనించి 805కు సరిదిద్ది మళ్ళీ పంపారు. ఈసారి పట్టికకు మొదటి పేరే పెట్టారు: `Rate Chart Final.pdf`. మూడు ఉత్తరాలలోనూ వ్రాసిన మాట ఒక్కటే, "ధరల పట్టిక జతపరచడమైనది, తగు చర్య తీసుకొనగలరు" అని.

కార్యదర్శి మూడింటినీ కంప్యూటరులో దించుకున్నాడు. అదే పేరుతో ఒక ఫైలు ముందే ఉన్నది గనుక కంప్యూటరు మూడవదానికి తనంతట తానే `Rate Chart Final (1).pdf` అని పేరు పెట్టింది. ఇప్పుడు మూడు ఫైళ్ళు వరుసగా కనబడుతున్నాయి. ఒకటి ఫైనల్, ఒకటి ఫైనల్ న్యూ, ఒకటి ఫైనల్ పక్కన ఒకటో నంబరు. చదువు వచ్చినవాడెవడైనా ఏది తీసుకుంటాడు? న్యూ అని ఉన్నదే తీసుకుంటాడు. ఆయనా అదే తీసుకున్నాడు. సేకరణ యంత్రంలో 810 పట్టిక ఎక్కింది. పై కార్యాలయం సంఘానికి 805 చొప్పున లెక్క కట్టింది. 7.0 శాతం వెన్న గల పాలకు కిలోకు 35 పైసలు తేడా. ఆ సంఘంలో రోజుకు సుమారు 600 కిలోలు పోస్తారు. పది రోజులకు 6,000 కిలోలు, 2,100 రూపాయలు.

వసూలు మాట ఎత్తగానే సంఘం ముందు గుంపు చేరింది. రోజుకు నాలుగు కిలోలు పోసే ఒక పెద్దావిడ తన వాటా ఎంతని అడిగింది. 14 రూపాయలని చెప్పాము. "పద్నాలుగు రూపాయలకేం గానీ బాబూ, మీ కాగితం మీకే తెలియకపోతే నా పాలకు ధర ఎంతని నేనెవర్ని అడగాలి?" అన్నది. ఆ ప్రశ్నకు ఆనాడు మా దగ్గర జవాబు లేదు. అందుకే ఈ వ్యాసము.

పాత కార్యదర్శులకు ఒక సంగతి గుర్తుండి ఉంటుంది. సైక్లోస్టైలు కాలంలో ఏ సర్క్యులరైనా పాలవ్యానులోనో తపాలాలోనో వచ్చేది. పైన ఒక సంఖ్య, తేదీ, దాని క్రింద "సూచిక" అని మునుపటి సర్క్యులరు సంఖ్య ఉండేవి. చివర "ఇందుమూలముగా ఫలానా సర్క్యులరు రద్దుపరచడమైనది" అని ఒక వాక్యం తప్పక వ్రాసేవారు. గుమాస్తా దానిని ఆవక రిజిస్టరులో ఎక్కించి, పాతదానిపై ఎర్ర సిరాతో అడ్డగీత గీసేవాడు. కాగితం ఆలస్యంగా వచ్చేదేమో గాని ఏది చెల్లుతుందో అనే అనుమానం ఉండేది కాదు. ఈ-మెయిలు వచ్చిన తరువాత కాగితం క్షణంలో అందుతున్నది, ఆ సంఖ్య, ఆ సూచిక, ఆ రద్దు వాక్యం మాత్రం జారిపోయాయి. ఉత్తరానికి ఫైలు జతచేసి పంపే నేటి పద్ధతి 1992లో అమెరికాలో నెథానియల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ అనువారు రూపొందించిన ప్రమాణం నుండి వచ్చినది. ఏ రకపు ఫైలునైనా చెక్కుచెదరకుండా అవతలివారికి చేర్చడం వారు సాధించారు. చేరిన రెండింటిలో ఏది చెల్లుతుందో చెప్పడం ఆ ప్రమాణం పని కాదు, అది పంపేవాని పని.

జతపరచిన ఫైలు అంటే నకలు అని మొదట గ్రహించాలి. పంపినవారి వద్ద ఒకటి ఉంటుంది, నలభై సంఘాలకు పంపితే నలభై నకళ్ళు వెళతాయి. పంపినవారు తమ కంప్యూటరులో తప్పు దిద్దుకున్నంత మాత్రాన మన వద్ద ఉన్న నకలు మారదు. పంపిన ఉత్తరాన్ని వెనక్కు తీసుకోవచ్చుగా అని కొందరు అంటారు. జీమెయిలులో `Undo` అనే వీలు ఉన్న మాట నిజమే, కాని అది గరిష్ఠంగా 30 సెకన్ల ముచ్చట. ఆ తరువాత వెళ్ళినది వెళ్ళినట్టే. కనుక తప్పు దిద్దే మార్గం ఒకటే. కొత్త సంఖ్యతో మరొకటి పంపి, పాతది చెల్లదని పేరు పెట్టి చెప్పాలి.

రెండవ సంగతి, ఫైలు పేరు చివర వచ్చే `(1)`, `(2)` అనేవి ఎవరూ ఇచ్చిన వరుస సంఖ్యలు కావు. అదే పేరుగల ఫైలు మన యంత్రంలో ముందే ఉన్నదని మాత్రమే వాటి అర్థం. ఒకే ఫైలును మూడుసార్లు దించుకున్నా రెండవదానికి, మూడవదానికి ఆ సంఖ్యలు వస్తాయి. అట్లాగే ఫైలు ప్రక్కన కనబడే తేదీ సాధారణంగా మనం దించుకున్న తేదీయే గాని కాగితం తయారైన తేదీ కాదు. పాత పట్టికను నిన్న మళ్ళీ దించుకుంటే అదే అన్నిటికంటే కొత్తదిగా కనబడుతుంది. ఈ రెండింటినీ నమ్మి మోసపోయిన సంఘాలను మేము చూశాము.

ఇక పద్ధతి. వరుస సంఖ్య వేరు, స్థాయి వేరు అని విడదీసి చూస్తే సగం చిక్కు తీరుతుంది. ఒకటో ప్రతి, రెండో ప్రతి, మూడో ప్రతి అన్నది వరుస. చిత్తు, తుది అన్నది స్థాయి. ఈ రెంటినీ కలిపి ఫైనల్ అన్న ఒక్క మాటలో ఇరికిస్తే, దిద్దుబాటు రాగానే ఫైనల్ న్యూ, ఆపైన ఫైనల్ న్యూ కరెక్టెడ్ అని తోక పెరుగుతూ పోతుంది. వెనుకటికి బెజవాడ సినిమా హాళ్ళ ముందు "ఈరోజే ఆఖరు" అన్న అట్ట వారం రోజులు వేలాడేది, ఇదీ అంతే. సంఖ్య వేస్తే ఆ ఇబ్బంది లేదు. ఒకసారి బయటకు పంపిన సంఖ్యను, ఒక్క అక్షరం మార్చినా సరే, మళ్ళీ వాడరాదు. దానికి తరువాతి సంఖ్య రావాలి.

పై ధరల పట్టికకే ఈ పద్ధతిలో పేర్లు పెడితే ఇట్లా ఉంటాయి. అమలు తేదీ 2025 జూలై 11 అనుకుందాము.

```
Buffalo_Rates_2025-07-11_v01_DRAFT.pdf
Buffalo_Rates_2025-07-11_v02_FINAL.pdf
Buffalo_Rates_2025-07-11_v03_FINAL.pdf
```

ఇందులో తేదీ, ఉత్తరం పంపిన తేదీ కాదు, ధర అమలులోకి వచ్చే తేదీ. పాలు పోసేవారికి కావలసినది అదే. సంవత్సరం ముందు, నెల తరువాత, రోజు చివర వ్రాయడం వలన ఫైళ్ళు తేదీల క్రమంలో వాటంతటవే సర్దుకుంటాయి. 05-06 అని వ్రాస్తే జూన్ ఐదో, మే ఆరో అన్న తగాదా కూడా ఉండదు. సంఖ్యను 1 అని గాక 01 అని రెండంకెలుగా వేయమనడానికి కారణం, కొన్ని యంత్రాలు పదవదాన్ని రెండవదాని కంటే ముందు చూపుతాయి. పై మూడింటిలో తుది అని రెండు ఉన్నాయేమిటని అడగవచ్చు. ఉన్నాయి, ఎందుకంటే రెండవది తుదిగానే వెళ్ళింది, తప్పుగా వెళ్ళింది. దానిని దాచిపెట్టనక్కరలేదు. ఎక్కువ సంఖ్యగలదే చెల్లుతుంది, తక్కువది రద్దు. నియమం అంతే.

పేరొక్కటే చాలదు. ఫైలు పేరు కంప్యూటరులో ఉన్నంతసేపే కనబడుతుంది. అచ్చు తీసి గోడకు అంటించిన తరువాత దాని పేరు ఎవరికి తెలుసు? అందుచేత కాగితం లోపల, ప్రతి పుట అడుగున, "గేదె పాల ధర, 11-07-2025 ఉదయం నుండి, మూడవ ప్రతి, తుది, పుట 1/3" అని ఒక వరుస ఉండాలి. పుటల సంఖ్య ఎందుకంటే, మూడు పుటల పట్టికలో కొత్తది రెండు, పాతది ఒకటి కలిపి అంటించిన నోటీసు బోర్డు కూడా మేము చూశాము.

మూడవ చోటు ఉత్తరం శీర్షిక. సెల్‌ఫోనులో శీర్షిక మొదటి నాలుగైదు మాటలే కనబడతాయి గనుక ముఖ్యమైనది ముందు రావాలి. "గౌరవనీయులైన కార్యదర్శులకు ధరల విషయమై" అని మొదలుపెడితే అసలు సంగతి కనబడదు. "తుది v03, గేదె పాల ధర 11-07-2025 నుండి, v02 రద్దు" అని ఉంటే ఉత్తరం తెరవకముందే విషయం తెలుస్తుంది. దిద్దుబాటు పంపేటప్పుడు పాత ఉత్తరానికే జవాబుగా పంపడం కంటే కొత్త శీర్షికతో కొత్త ఉత్తరం పంపడం మేలు. జవాబులన్నీ ఒకే దొంతరలో పేరుకుపోతాయి, మధ్యవి మడతపడి కనబడవు. ఇంకొక చిక్కు, ఉత్తరానికి జవాబు వ్రాస్తే జతపరచిన ఫైలు దానితో వెళ్ళదు, ముందుకు పంపితేనే వెళుతుంది. "మీరన్న పట్టిక ఇదేనా?" అని జవాబులో అడిగితే అవతలివారికి ఏ పట్టికో తెలియదు. సంఖ్య చెప్పి అడిగితే తెలుస్తుంది.

ఇక ఉత్తరంలో ఏమి వ్రాయాలి? ఆ దివిసీమ సంఘానికి మూడవ పట్టికతో పాటు ఈ క్రింది విధంగా ఒక్క ఉత్తరం వచ్చియుంటే ఆ 2,100 రూపాయల గొడవ ఉండేది కాదు.

"జతపరచినది: గేదె పాల ధరల పట్టిక, మూడవ ప్రతి, తుది, 3 పుటలు. 11వ తేదీ ఉదయం పూట నుండి అమలు. 9వ తేదీన పంపిన రెండవ ప్రతి రద్దు, దానిని వాడవద్దు. మార్పు: కిలో వెన్న ధర రెండవ ప్రతిలో 810 అని ఉన్నది, ఇప్పుడు 805. కారణం: టైపు పొరపాటు. ఎస్.ఎన్.ఎఫ్. కోతల పుటలో మార్పు లేదు. సరిచూచుకొనుటకు: వెన్న 7.0, ఎస్.ఎన్.ఎఫ్. 9.0 గల పాలకు కిలో ధర 56 రూపాయల 35 పైసలు రావలెను. యంత్రంలో 56-70 వచ్చినచో మీ వద్ద ఉన్నది రద్దయిన పట్టిక. పట్టిక ఎక్కించి సరిచూచినట్లు 10వ తేదీ సాయంత్రంలోగా తెలుపగలరు."

ఇందులో సరిచూచుకొనే అంకె ఒక్కటి ఉన్నదే, అది మాకు అన్నిటికంటే ఇష్టమైన వాక్యం. యంత్రంలోకి పట్టిక పెన్‌డ్రైవు ద్వారా ఎక్కించిన తరువాత దాని ఫైలు పేరు ఎవరూ చూడరు, ధర మాత్రమే తెరపై కనబడుతుంది. కొత్తది ఎక్కలేదేమో, ఎక్కినా పాతదే నడుస్తున్నదేమో తెలుసుకోవడానికి ఆ ఒక్క అంకె చాలు. లెక్క కూడా సులువు. కిలో పాలలో 7 శాతం వెన్న అంటే 70 గ్రాములు. 805ను 0.07తో హెచ్చిస్తే 56.35. అదే 800కు 56.00, 810కు 56.70. ఈ మూడు అంకెలలో ఏది వచ్చినదో చూస్తే ఏ ప్రతి నడుస్తున్నదో చెప్పవచ్చు. ఉత్తరం వ్రాసేవారు అంకెను ఎంచుకునేటప్పుడు మారిన గడిలోనిదే ఎంచుకోవాలి. మారని గడిలోని అంకె ఇస్తే పాత పట్టికలోనూ అదే వస్తుంది, పరీక్ష వృథా.

మార్పు వ్రాసే తీరు మన సంఘాలకు కొత్త కాదు. ఉపవిధుల సవరణ పంపేటప్పుడు ప్రస్తుత ఉపవిధి, ప్రతిపాదించిన సవరణ, కారణము అని మూడు గడులు గీస్తాము గదా. ధరల పట్టికకైనా, మహాసభ నోటీసుకైనా, దాణా పంపిణీ జాబితాకైనా అదే మూడు గడులు సరిపోతాయి. "అక్కడక్కడ స్వల్ప సవరణలు చేయడమైనది" అన్న వాక్యం వ్రాయడం కంటే ఏమీ వ్రాయకపోవడం నయం. అది చదివినవాడు మూడు పుటలూ గడి గడికీ పోల్చుకోవాలి, లేదా పోల్చకుండా వదిలేయాలి. రెండవదే జరుగుతుంది. మారనిది ఏదో కూడా ఒక మాటలో చెప్పడం మంచిది, చదువరికి వెతుకులాట తగ్గుతుంది.

ఉపవిధుల మాట వచ్చింది గనుక ఒక హెచ్చరిక. అక్కడ తుది అన్న మాటకు మెట్లు ఉన్నాయి. పాలకవర్గం ఒప్పుకున్నది ఒక మెట్టు, మహాసభ తీర్మానించినది మరొక మెట్టు. రిజిస్టరు అయ్యేవరకు సవరణ చెల్లదు. అందుచేత మహాసభ మరునాడే తుది అని పేరు పెట్టి సభ్యులకు పంపరాదు. "మహాసభ ఆమోదించినది, రిజిస్టరు కావలసియున్నది" అని స్థాయిని ఉన్నదున్నట్లు వ్రాయాలి.

పంపేవారు మార్పులను జ్ఞాపకం మీద వ్రాయకుండా యంత్రాన్నే అడగవచ్చు. వర్డు పత్రమైతే `Review` లో `Compare` నొక్కి పాత, కొత్త ప్రతులు రెండూ ఇస్తే తేడాలు గుర్తుపెట్టి చూపుతుంది. ఎక్సెలు పట్టికైతే పాతదాన్ని ఒక షీటులో, కొత్తదాన్ని రెండవ షీటులో ఉంచి, మూడవ షీటు మొదటి గడిలో ఇట్లా వ్రాసి మిగతా గడులకు లాగాలి.

```
=Sheet2!A1-Sheet1!A1
```

సున్నా వచ్చిన చోట మార్పు లేదు, వేరే అంకె వచ్చిన చోట మార్పు ఉన్నది. అక్షరాలున్న గడులలో తప్పు గుర్తు వస్తుంది, దానిని పట్టించుకోనక్కరలేదు. అయితే మధ్యలో ఒక వరుస కొత్తగా చేర్చి ఉంటే అక్కడి నుండి క్రింది గడులన్నీ మారినట్లే కనబడతాయి. అప్పుడు పాత షీటులో కూడా అదే చోట ఖాళీ వరుస పెట్టి మళ్ళీ చూడాలి. ఆనాడు 800 పట్టికనూ 810 పట్టికనూ ఇట్లా తీసివేసి చూసివుంటే 7.0 వరుసలో 35 పైసలకు బదులు 70 పైసలు కనబడి, పొరపాటు కార్యాలయం గడప దాటేది కాదు.

చిత్తు ప్రతి మీద అభిప్రాయాలు అడిగినప్పుడు నలుగురు నాలుగు విధాలుగా దిద్ది అదే పేరుతో తిప్పి పంపుతారు. దిద్దినవారు తమ సంఘం పేరు చివర చేర్చి పంపాలి గాని సంఖ్య మార్చరాదు. తరువాతి సంఖ్య ఇచ్చే అధికారం ఒక్కరికే ఉండాలి. ఇద్దరు ఎవరికి వారు మూడవ ప్రతి తయారుచేస్తే, మూడవ ప్రతులు రెండవుతాయి.

కొందరు కార్యదర్శులు ఈ నకళ్ళ బెడద ఎందుకు, అందరూ ఒకే చోట చూసే లింకు పంపితే సరిపోతుంది గదా అంటున్నారు. కొంతవరకు నిజమే, లింకు తెరిచిన ప్రతిసారీ తాజా కాగితమే కనబడుతుంది. కాని సొమ్ముకు సంబంధించిన కాగితానికి మేము ఒప్పుకోము. ఆడిటరు వచ్చి 11 నుండి 20 వరకు ఏ ధర చెల్లించారు, దేనిని బట్టి చెల్లించారు అని అడిగినప్పుడు, ఆ లింకులో ఆనాటి పట్టిక గాక ఈనాటి పట్టిక కనబడుతుంది. అప్పటి నకలు మన వద్దనే ఉండాలి. అందుకే రద్దయిన పట్టికను చెరిపివేయవద్దు. "రద్దు" అని వేరే సంచి చేసి అందులోకి మార్చండి. గోడ మీద ఉన్నదానిపై అడ్డగీత గీసి, తేదీ వేసి, పొట్టి సంతకం చేసి, తీసి ఫైలులో పెట్టండి.

వాట్సాపు ఇంకొక దారి. ఫైలు ముందుకు వెళుతుంది, దానితో వచ్చిన ఉత్తరం వెనుక ఉండిపోతుంది. ఫోటో తీసి పంపితే ఫైలు పేరు కూడా పోతుంది. అప్పుడు మిగిలేది పుట అడుగున అచ్చయిన ఆ ఒక్క వరుసే. అది కూడా లేని పట్టిక ఫోనులో వస్తే, పంపినవారిని "ఇది ఎన్నో ప్రతి?" అని అడిగే వరకు యంత్రంలో ఎక్కించవద్దని కార్యదర్శులకు మా మనవి.

ఆ దివిసీమ సంఘం సంగతి చెప్పవలసి ఉన్నది. పాలకవర్గం సమావేశమై, తప్పు సభ్యులది కాదు గనుక వారి బిల్లుల నుండి కోత వేయరాదనీ, ఆ 2,100 రూపాయలు సంఘం వ్యాపార మిగులు నుండి భరించవలెననీ తీర్మానించింది. మినిట్స్ పుస్తకంలో తీర్మానం క్రింద మూడు పట్టికలనూ అంటించారు. మొదటి రెండింటిపై ఎర్ర సిరాతో అడ్డగీత ఉన్నది. మూడవదానిపై కార్యదర్శి తన చేతితో "మూడవ ప్రతి, చెల్లును, 7.0కు 56-35" అని వ్రాశాడు. మేము మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ పెద్దావిడ డబ్బా దించి, తెర వైపు చూసి, ముందు ఆ అంకె అడిగింది.